9.1 ఎక్కడికి పోయింది? యాంటెన్నా టీవీ రీస్కాన్ డైరీ

పరిస్థితి

హాల్లో టీవీలో 9.1, 9.2, 9.3 మూడూ ఒకేసారి పోయాయి. రిమోట్‌లో నంబరు కొడితే నల్ల తెర మీద "సిగ్నల్ లేదు" అని వస్తోంది. మిగతా చానెళ్ళన్నీ ఎప్పటిలాగే శుభ్రంగా ఉన్నాయి. పడకగదిలో ఉన్న రెండో టీవీలోనూ అంతే.

ఇంటి ఏర్పాటు ముందు చెప్పాలి. కప్పు మీద ఒక్కటే యాంటెన్నా. అక్కడినుంచి ఒక కోయాక్స్ కేబుల్ కిందికి వచ్చి, మూడు దారుల స్ప్లిటర్‌లో చీలుతుంది. ఒక దారి హాలు టీవీకి, ఒకటి పడకగది టీవీకి, మూడోది నెట్‌వర్క్ ట్యూనర్‌కి. ఆ ట్యూనర్ హెచ్‌డీహోమ్‌రన్ రకం, పాతది. యాంటెన్నా సిగ్నల్‌ను ఇంటి వైఫై మీద కంప్యూటర్‌కి అందిస్తుంది. టీవీలు చెప్పని లోపలి సంగతులు అది చెబుతుంది కాబట్టి ఈ పని అంతటికీ అదే నా కొలత పరికరం. ఉంటున్నది అమెరికాలో కనుక ఇక్కడి ప్రసార పద్ధతి ఏటీఎస్‌సీ. నేను రాసే అంకెలన్నీ దానివే.

"ఒరేయ్, మొన్నటి గాలికి యాంటెన్నా తిరిగిపోయుంటుంది, పైకెక్కి చూడు" అన్నారు నాన్న. ఎవరికైనా మొదట వచ్చే అనుమానం అదే. కానీ నిచ్చెన తీసే ముందు ఒక్క విషయం చూడాలి: ఏవి పోయాయి, ఏవి మిగిలాయి? యాంటెన్నా తిరిగితే ఆ దిక్కునుంచి వచ్చేవన్నీ ఎంతో కొంత దెబ్బతింటాయి. కేబుల్‌లో నీరు చేరితే పై ఫ్రీక్వెన్సీలు ముందు బలహీనపడతాయి, కింది ఫ్రీక్వెన్సీలు ఇంకొన్నాళ్ళు లాక్కొస్తాయి. ఇక్కడ జరిగింది అలాంటిది కాదు. అదే దిక్కులో, దాదాపు అదే చోట టవరు ఉన్న 12.1 అద్దంలా కనిపిస్తోంది. 9తో మొదలయ్యే మూడు మాత్రమే, అవీ మూడూ కలిసి, పోయాయి. చుక్కకు ముందు అంకె ఒకటే అయితే మామూలుగా అవన్నీ ఒకే స్టేషను ఒకే ప్రసారంలో కలిపి పంపే చానెళ్ళు. కాబట్టి దెబ్బ తిన్నది ఆ ఒక్క ప్రసారమే. నా కప్పు మీద తప్పేమీ లేదనడానికి ఇది చాలా బలమైన ఆధారం.

నంబరు ఒకటి, చోటు మరొకటి

రీస్కాన్ ఎందుకు కావాలో అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. మనం రిమోట్‌లో కొట్టే 9.1 అనేది ఫ్రీక్వెన్సీ కాదు. అది స్టేషను తనకు తాను పెట్టుకున్న పేరు లాంటిది. గాలిలో ఆ ప్రసారం నడిచే అసలు చోటును ఆర్‌ఎఫ్ చానెల్ అంటారు, దాని వెడల్పు 6 మెగాహెర్ట్జ్. ఇప్పుడు టీవీ ప్రసారాలకు ఆర్‌ఎఫ్ 2 నుంచి 36 వరకు ఉన్నాయి. 14 నుంచి పైవాటికి లెక్క సులువు: ఆర్‌ఎఫ్ 14 మధ్య బిందువు 473 మెగాహెర్ట్జ్, ఆ తర్వాత ఒక్కో చానెల్‌కి 6 కలుపుకుంటూ పోవాలి. 26కి వెళ్తే 545, 33కి 587.

ఎనలాగ్ కాలంలో నంబరూ చోటూ ఒకటే. 9 అంటే 9లోనే. డిజిటల్‌కి మారేటప్పుడు స్టేషన్లు వేరే చోట్లకు వెళ్ళాల్సి వచ్చింది, కానీ ఏళ్ళ తరబడి జనం నోట్లో నానిన నంబరును వదులుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. అందుకే ప్రసారంలోనే ఒక చిన్న పట్టికను కలిపి పంపుతారు. "ఈ ప్రసారంలో 3వ ప్రోగ్రామ్‌ని 9.1గా చూపించు, 4వదాన్ని 9.2గా చూపించు" అని ఆ పట్టిక చెబుతుంది. అది సెకనుకు రెండు మూడు సార్లు వస్తూనే ఉంటుంది. దుకాణం వేరే వీధికి మారినా బోర్డు మాత్రం వెంట తీసుకెళ్ళినట్టు, స్టేషను ఏ ఆర్‌ఎఫ్‌కి పోయినా 9.1 అనే నంబరు దానితోనే పోతుంది.

స్కాన్ చేసేటప్పుడు టీవీ ఆర్‌ఎఫ్ చానెళ్ళన్నిటి దగ్గరా ఒక్కోసారి ఆగి, సిగ్నల్ పట్టుకుని, ఆ పట్టిక చదివి, "9.1 అంటే ఆర్‌ఎఫ్ 26లో 3వ ప్రోగ్రామ్" అని తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. ఆ తర్వాత రిమోట్‌లో 9.1 కొడితే గాలిలో వెతకదు. రాసుకున్న చోటికి నేరుగా వెళ్తుంది. అక్కడ ఏమీ లేకపోతే సిగ్నల్ లేదంటుంది. అదే స్టేషను పక్క ఫ్రీక్వెన్సీలో నిండు బలంతో వస్తున్నా టీవీకి తెలియదు.

26 దగ్గర ఏముంది?

నా పాత స్కాన్ ఫైలులో 9.1 చోటు ఆర్‌ఎఫ్ 26. ముందు అక్కడికే ట్యూనర్‌ని పంపించాను. ఇంట్లో ఉన్న ట్యూనర్ ఒక్కటే కనుక పరికరం నంబరు బదులు FFFFFFFF అని ఇస్తే చాలు, అదే వెతుక్కుంటుంది.

```
hdhomerun_config FFFFFFFF set /tuner0/channel auto:26
hdhomerun_config FFFFFFFF get /tuner0/status
ch=auto:26 lock=none ss=84 snq=0 seq=0 bps=0 pps=0
```

ఈ ఒక్క వరుసలో చాలా ఉంది. ss అంటే సిగ్నల్ బలం, 84. అంటే ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరో గట్టిగానే ప్రసారం చేస్తున్నారు. స్టేషను మూతపడి ఉంటే, టవరు పనికోసం ఆపి ఉంటే, నా కేబుల్ తెగి ఉంటే ఇంత బలం రాదు. కానీ lock=none. బలం ఉంది, ట్యూనర్‌కి మాత్రం ఆ భాష అర్థం కావడం లేదు. సిగ్నల్ నాణ్యత చెప్పే snq, seq రెండూ సున్నా కావడానికి కారణం అదే.

బలం నిండుగా ఉండి లాక్ అసలు పడకపోతే ఇప్పుడు మొదట అనుమానించాల్సింది ఏటీఎస్‌సీ 3.0. సమాచారాన్ని రేడియో తరంగం మీద ఎక్కించే తీరును మాడ్యులేషన్ అంటారు, పాత పద్ధతి 1.0 వాడేది 8వీఎస్‌బీ. 3.0 పూర్తిగా వేరే మాడ్యులేషన్, ఓఎఫ్‌డీఎమ్. పాత ట్యూనర్‌కి అది ఉత్త రొద. దీనికి ఇక్కడి ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 2017లో అనుమతి ఇచ్చినప్పుడు ఒక షరతు పెట్టింది: 3.0కి మారే స్టేషను తన ప్రధాన చానెల్‌ను పాత టీవీల కోసం 1.0లో కూడా అందించాలి. ఒక స్టేషనుకి ఉన్నది ఒక్కటే ఆర్‌ఎఫ్ చానెల్. అందులో రెండు పద్ధతులూ కలిపి నడపడం కుదరదు. అందుకని ఊళ్ళోని స్టేషన్లు ఒప్పందం చేసుకుంటాయి. ఒకటి తన టవరును 3.0కి ఇచ్చేస్తుంది, దాని పాత చానెళ్ళకు మరో స్టేషను తన 1.0 ప్రసారంలో చోటిస్తుంది. నంబర్లు మాత్రం మారవు. 9.1 ఇప్పటికీ 9.1, కానీ వేరే వాళ్ళ ఫ్రీక్వెన్సీ మీద.

అంటే 9.1 ఎక్కడో అతిథిగా ఉండాలి. ఎవరింట్లో?

33లో దొరికింది

గట్టి స్టేషన్లను ఒక్కొక్కటిగా తీసి చూస్తే 12.1 వచ్చే ఆర్‌ఎఫ్ 33 దగ్గర ఇది కనిపించింది. స్టేషన్ల పేర్లు, గుర్తింపు సంఖ్య మార్చి రాస్తున్నాను.

```
hdhomerun_config FFFFFFFF set /tuner0/channel auto:33
hdhomerun_config FFFFFFFF get /tuner0/streaminfo
3: 12.1 MAIN-HD
4: 12.2 MOVIES
5: 9.1 NINE-HD
6: 9.2 NINE-2
tsid=0x0B21
```

9.1, 9.2 రెండూ 12.1తో పాటు ఒకే ప్రసారంలో కూర్చుని ఉన్నాయి. దీన్ని చూస్తే ఒక ప్రశ్న రాకమానదు. హాల్లో టీవీ రోజూ సాయంత్రం 12.1 మీదే ఉంటుంది. అంటే అది గంటల తరబడి ఆర్‌ఎఫ్ 33 లోనే ఉంది, 9.1 ఇక్కడ ఉందని చెప్పే పట్టిక సెకనుకు రెండుసార్లు దాని లోపలికి వస్తూనే ఉంది. అయినా ఎందుకు చేర్చుకోలేదు?

ఇది ప్రతి తయారీదారు తన ఇష్టప్రకారం తేల్చుకునే విషయం. కొన్ని టీవీలు తాము ఉన్న ఫ్రీక్వెన్సీలో కొత్త ఉపచానెల్ కనబడితే వాటంతట అవే చేర్చుకుంటాయి. 12.1 చూస్తుండగా 12.5 కొత్తగా మొదలైతే మర్నాటికి జాబితాలో ఉంటుంది. కానీ 9.1 అనే పేరు జ్ఞాపకంలో ఇప్పటికే ఉంది, దాని ఎదురుగా ఆర్‌ఎఫ్ 26 అని రాసి ఉంది. ఆ పాత వరుసను కొట్టేసి కొత్తది రాసే పని చాలా టీవీలు స్కాన్‌లో తప్ప చేయవు. అంతకన్నా ముఖ్యమైన హద్దు ఇంకొకటి: ఒక స్టేషను తన పట్టికలో తన ప్రసారం గురించి చెబుతుంది. ఊళ్ళో మిగతా స్టేషన్లు ఏయే ఫ్రీక్వెన్సీల్లో ఉన్నాయో ఇక్కడ మామూలుగా చెప్పదు. కాబట్టి 9.1 చూసేవాళ్ళు ఆర్‌ఎఫ్ 33 వైపు ఎప్పుడూ వెళ్ళకపోతే టీవీకి ఆ సమాచారం చేరే దారే లేదు.

ఐరోపాలోనూ ఇంకా చాలా దేశాల్లోనూ వాడే డీవీబీ పద్ధతిలో పరిస్థితి కొంత మెరుగు. అక్కడ ప్రతి ప్రసారంలోనూ నెట్‌వర్క్ పట్టిక ఒకటి ఉంటుంది, పక్క ప్రసారాల ఫ్రీక్వెన్సీలు కూడా అందులో ఉంటాయి. మంచి టీవీ అయితే రాత్రి స్టాండ్‌బైలో ఆ పట్టిక చూసి తనే సర్దుకుంటుంది. అయినా బ్రిటన్‌లో 700 మెగాహెర్ట్జ్ భాగాన్ని ఫోన్లకోసం ఖాళీ చేసినప్పుడు జనాన్ని రీట్యూన్ చేసుకోమని అడగాల్సే వచ్చింది. అన్ని టీవీలూ మంచివి కావు.

ఆర్‌ఎఫ్ 33లో 9.3 మాత్రం లేదు. షరతు ప్రధాన చానెల్‌కే కాబట్టి ఉపచానెళ్ళు ఎక్కడ చోటుంటే అక్కడికి చెదిరిపోతాయి. దాన్ని వెతకడానికి పూర్తి స్కాన్ కావాలి.

స్కాన్‌కి ముందు

పూర్తి స్కాన్ నొక్కగానే చాలా టీవీలు మొదట పాత జాబితాను చెరిపేస్తాయి. ఆ తర్వాత ఆ కొన్ని నిమిషాల్లో ఏది అందితే దాన్నే రాసుకుంటాయి. అందనిది జాబితాలో ఉండదు, అది నిన్నటిదాకా రోజూ చూసిన చానెల్ అయినా సరే. పోయిన చానెల్ కోసం స్కాన్ చేసి, ఉన్న చానెల్‌ను పోగొట్టుకునేది ఇక్కడే.

మా ఇంట్లో ఆ ప్రమాదం ఉన్నది 31.1కి. దాని టవరు వేరే దిక్కున, దూరంగా ఉంది. ప్రసారం ఆర్‌ఎఫ్ 14లో. డిజిటల్ సిగ్నల్‌కి నెమ్మదిగా మసకబారడం ఉండదు. 8వీఎస్‌బీకి సిగ్నల్ రొద కంటే సుమారు 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి. 16 ఉంటే బొమ్మ నిండుగా ఉంటుంది, 14 అయితే ఏమీ ఉండదు. 31.1 ఆ అంచునే నడుస్తుంది. స్టేటస్ అడుగుతూ కూర్చుంటే seq విలువ 100 చూపిస్తుంది, చెట్లు ఊగితే 70కి పడుతుంది, ఒక్కో క్షణం సున్నా. seq 100 అంటే సరిచేయలేని తప్పులు ఒక్కటీ లేవని అర్థం. స్కాన్ ఆర్‌ఎఫ్ 14 మీద ఆగేది కొన్ని సెకన్లే. ఆ సెకన్లలో seq పడిపోయిందా, 31.1 జాబితాలోంచి పోయినట్టే.

కాబట్టి రెండు పనులు ముందే చేసిపెట్టాను. ఒకటి, రెండు టీవీల్లో చానెళ్ళ జాబితాను ఫోన్‌తో ఫోటో తీశాను, తర్వాత పోల్చుకోవడానికి. రెండు, గాలి లేని సమయం చూసి, ఆర్‌ఎఫ్ 14లో seq నిలకడగా 100 దగ్గర నిలిచాకే స్కాన్ మొదలుపెట్టాలని నిర్ణయించాను. మరీ తెల్లవారుజామున చేయడం నాకు ఇష్టం లేదు. కొన్ని రకాల వాతావరణంలో, ముఖ్యంగా రాత్రి నుంచి పొద్దున్న దాకా, భూమి దగ్గరి గాలి పొరలు సిగ్నళ్ళను వంచి చాలా దూరం మోసుకొస్తాయి. ఎక్కడో వేరే ఊరి స్టేషన్లు కూడా స్కాన్‌లో పడతాయి, ఎండెక్కేసరికి మాయమై జాబితాలో ఉత్త పేర్లుగా మిగిలిపోతాయి. పైగా వాటికీ మన 9.1, 12.1 లాంటి నంబర్లే ఉండవచ్చు.

హాలు టీవీ

సెట్టింగ్స్‌లో చానెల్ స్కాన్. అది అడిగే మొదటి ప్రశ్న దగ్గరే జాగ్రత్తగా ఉండాలి: యాంటెన్నానా, కేబులా? గోడలోంచి వచ్చేది కేబుల్ వైరే కదా అని చాలామంది కేబుల్ ఎంచుకుంటారు. ఆ ఎంపిక కేబుల్ కంపెనీ కనెక్షన్ కోసం. అందులో ఫ్రీక్వెన్సీల వరుస వేరు, మాడ్యులేషన్ వేరు. యాంటెన్నా తగిలించి కేబుల్ స్కాన్ చేస్తే "0 చానెళ్ళు దొరికాయి" అని వస్తుంది, దాంతో యాంటెన్నాయే పోయిందనుకుంటారు. కొన్ని టీవీల్లో యాంటెన్నాకి ఎయిర్ అని పేరు.

యాంటెన్నా ఎంచుకుని స్కాన్ చేస్తే 9.1, 9.2 తిరిగొచ్చాయి. 9.3 కూడా దొరికింది. ట్యూనర్‌తో చూస్తే అది ఆర్‌ఎఫ్ 21లో, మూడో స్టేషను ఇంట్లో ఉంది. 31.1 పదిలం. ఫోటోతో పోల్చితే పోయినవి లేవు. పైగా ఇదివరకు లేని ఉపచానెళ్ళు కొన్ని చేరాయి.

9.1 బొమ్మ మునుపటికంటే కాస్త మెత్తగా ఉంది. గడ్డి మైదానంలో ఆట చూస్తున్నప్పుడు కెమెరా వేగంగా తిరిగితే గడ్డి పచ్చటి ముద్దలా అయిపోతోంది. ఇది స్కాన్‌తోనో యాంటెన్నాతోనో బాగయ్యేది కాదు. ఒక ఆర్‌ఎఫ్ చానెల్ మొత్తం మోయగలిగింది సెకనుకు సుమారు 19.4 మెగాబిట్లు. ఇదివరకు దాన్ని తన మూడు చానెళ్ళకే పంచుకున్న స్టేషను ఇప్పుడు ఇంకొకరి వాటాలో సర్దుకోవాలి. seq 100 ఉంది, తప్పులేమీ లేవు, పంపుతున్నదే తక్కువ. ఇది తెలియకపోతే మనిషి యాంటెన్నాని తిప్పుతూ కూర్చుంటాడు.

పడకగది టీవీ, పాత జ్ఞాపకం

పడకగది టీవీ పాతది. అందులో పూర్తి స్కాన్, "చానెళ్ళు చేర్చు" అని రెండు మెనూలున్నాయి. 31.1 పోకుండా ఉండాలని ముందు చేర్చు అనేదే వాడాను. స్కాన్ అయ్యాక జాబితాలో 9.1 రెండుసార్లు కనిపించింది. రిమోట్‌లో 9.1 కొడితే మొదటిదానికి, అంటే ఆర్‌ఎఫ్ 26 అని రాసున్నదానికి వెళ్ళి సిగ్నల్ లేదంటోంది. పై బాణం నొక్కితే రెండోది వస్తుంది, బొమ్మ ఉంది. చేర్చు అనే స్కాన్ లక్షణమే అది: కొత్తవి రాస్తుంది, పాతవాటిని కొట్టేయదు. చోటు మారిన చానెల్‌కి కావలసింది కొట్టేయడమే.

పూర్తి స్కాన్ చేసినా ఈ టీవీలో పాత 9.1 పోలేదు. ఇలాంటి మొండి జ్ఞాపకానికి రెండంచెల స్కాన్ అని ఒక పద్ధతి ఉంది. యాంటెన్నా కేబుల్‌ను టీవీ వెనకనుంచి విప్పేసి, ఖాళీగా పూర్తి స్కాన్ నడపాలి. ఏమీ దొరకదు కాబట్టి టీవీ ఖాళీ జాబితాను పాతదాని మీద రాసుకుంటుంది. తర్వాత టీవీని గోడ ప్లగ్‌నుంచి ఒక నిమిషం తీసి, కేబుల్ బిగించి, మళ్ళీ స్కాన్ చేయాలి. కేబుల్ మరను వేలితో గట్టిగా తిప్పి చివరంటా బిగించడం మరవకూడదు. లోపలి రాగి తీగ వంగితే కొత్త తగాదా మొదలవుతుంది.

అలా చేశాక 9.1 ఒక్కటే మిగిలింది, ఆర్‌ఎఫ్ 33లోది. ఖాళీ జాబితాను దాచుకోవడానికి ఒప్పుకోని టీవీలు కొన్ని ఉంటాయి. వాటిలో కేబుల్ రకం ఎంచుకుని ఒకసారి స్కాన్ నడిపి, మళ్ళీ యాంటెన్నాకి మారితే చాలాసార్లు పని జరుగుతుంది. అదీ కాకపోతే ఫ్యాక్టరీ రీసెట్.

ఈ టీవీలో 31.1 రాలేదు. ఊహించిందే, కానీ కారణం గాలి ఒక్కటే కాదు. మా స్ప్లిటర్ మూడు దారులూ సమానంగా ఉండే రకం కాదు. దాని మీదే ముద్రించి ఉంది: ఒక దారికి 3.5 డెసిబెల్స్ నష్టం, మిగతా రెండిటికి 7 చొప్పున. హాలు టీవీ 3.5 దారిలో ఉంది, పడకగది 7లో. అంచున నడిచే చానెల్‌కి ఆ మూడున్నర డెసిబెల్స్ తేడా ప్రాణాంతకం. 12.1 లాంటి గట్టి స్టేషన్లకు ఏ దారైనా ఒకటే.

రెండు కేబుళ్ళను అటూ ఇటూ మార్చి పడకగదిని 3.5 దారిలో పెట్టాను. హాలు టీవీ ట్యూనర్ కొత్తది, కాస్త బలహీనమైన సిగ్నల్‌నీ పట్టుకుంటుంది. అది 7 దారిలో కూడా 31.1ని నిలబెట్టుకుంది. పడకగదిలో ఈసారి చేర్చు స్కాన్ వాడాను, 31.1 వచ్చి చేరింది. చేర్చు స్కాన్‌కి సరైన చోటు ఇదే: ఉన్నవన్నీ సరైన చోట్లలో ఉండి, అంచున ఉన్నదొక్కటి తప్పిపోయినప్పుడు. మళ్ళీ పూర్తి స్కాన్ చేసి మిగతావాటిని పందెం కాయనక్కర్లేదు. కొన్ని టీవీల్లో ఇంకో సౌకర్యం ఉంది, రిమోట్‌లో నేరుగా ఆర్‌ఎఫ్ నంబరు, ఇక్కడైతే 14, కొడితే టీవీ అక్కడికి వెళ్ళి ఉన్నదాన్ని చేర్చుకుంటుంది. మా రెండు టీవీల్లో హాలుది దీనికి ఒప్పుకుంది, పడకగదిది ఒప్పుకోలేదు.

రికార్డింగ్ సంగతి

రెండు టీవీలూ సర్దుకున్నాక కూడా కంప్యూటర్‌లో 9.1 రికార్డింగ్ ఖాళీ ఫైలే ఇచ్చింది. జాబితా ప్రతి పరికరానికీ విడిగా ఉంటుంది. హాల్లో చేసిన స్కాన్ పడకగదికి తెలియదు, రెండూ ట్యూనర్‌కి తెలియవు. నేను కమాండ్ ఇచ్చి చేయించే స్కాన్ గాలిలో ఏముందో చూసి చెబుతుందే గాని ట్యూనర్ లోపల దాచిన జాబితాను ముట్టుకోదు. ట్యూనర్ సెట్టింగ్స్ పేజీ తెరిచి అక్కడ స్కాన్ చేయాలి, ఆ తర్వాత రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో జాబితాను మళ్ళీ తెచ్చుకోవాలి. వేళల ప్రకారం పెట్టిన రికార్డింగులు పాత 9.1 వరుసకే అతుక్కుని ఉండవచ్చు కాబట్టి వాటిని తీసేసి మళ్ళీ పెట్టాను. రాత్రి వార్తలు రికార్డయ్యాయి.

ఇది మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తుంది

నాన్న అడిగిన ప్రశ్నే ఇది: "ఒకసారి పెట్టిన టవరు ఊరికే ఎందుకు మారుస్తారురా?" ఇక్కడ టీవీ ఫ్రీక్వెన్సీలు పెద్ద ఎత్తున కదిలిన సందర్భాలు వరుసగా ఉన్నాయి. 2009 జూన్ 12న పెద్ద స్టేషన్ల ఎనలాగ్ ప్రసారాలు ఆగాయి, చాలా స్టేషన్లు ఆరోజే చోటు మార్చుకున్నాయి. 2017లో ముగిసిన వేలంలో ఆర్‌ఎఫ్ 38 నుంచి 51 వరకు ఉన్న భాగం ఫోన్ కంపెనీలకు వెళ్ళింది. ఆ పైన ఉన్న స్టేషన్లను కిందికి సర్దడానికి దాదాపు వెయ్యి స్టేషన్లు కొత్త చోట్లకు మారాయి. అది 10 విడతలుగా 2020 జూలై దాకా సాగింది. అన్నీ ఒకేరోజు మారలేదు కనుక ఒక్క ఊళ్ళోనే వేర్వేరు నెలల్లో వేర్వేరు చానెళ్ళు మాయమయ్యేవి. ఇప్పుడు మా ఇంట్లో జరిగినట్టు 3.0 మార్పులు, స్టేషను స్టేషనుకి ఒప్పందం కుదిరినప్పుడల్లా.

మారేముందు స్టేషన్లు తెర మీద చెబుతాయి, "ఫలానా తేదీ తర్వాత రీస్కాన్ చేయండి" అని. ఆ వారం ఆ చానెల్ చూడనివాళ్ళకు అది చేరదు.

రీస్కాన్ బాగుచేయలేని సందర్భమూ ఉంది. స్టేషను 14 పైనున్న యూహెచ్ఎఫ్ నుంచి 7–13 మధ్యలోని వీహెచ్ఎఫ్‌కి మారితే, యూహెచ్ఎఫ్ కోసమే చేసిన చిన్న యాంటెన్నా ఆ పొడవైన తరంగాలను సరిగ్గా పట్టలేదు. ఎన్నిసార్లు స్కాన్ చేసినా రాదు. గుర్తుపట్టడం ఎలా? కొత్త ఆర్‌ఎఫ్ నంబరు తెలుసుకుని ట్యూనర్‌ని అక్కడికే పంపాలి. మా 26 దగ్గర కనిపించినట్టు బలం ఉండి లాక్ లేకపోతే ప్రసార పద్ధతి మారిందని అనుమానించాలి. బలమే లేకపోతే అది యాంటెన్నా సమస్య.

ఇప్పటి ఏర్పాటు, మిగిలిన పని

రాబోయే మార్పులు ముందే తెలియడానికి ట్యూనర్ స్కాన్‌ను నెలకోసారి నడిపి, పోయిన నెల ఫైలుతో పోల్చే ఏర్పాటు చేశాను. సిగ్నల్ అంకెలు ప్రతిసారీ కొద్దిగా మారతాయి కనుక వాటిని వదిలేసి ఫ్రీక్వెన్సీలు, ప్రోగ్రాముల వరుసలే ఉంచుతున్నాను.

```
hdhomerun_config FFFFFFFF scan /tuner0 scan.txt
grep -E 'SCANNING|PROGRAM' scan.txt > new.txt
diff old.txt new.txt
```

తేడా ఏమీ రాకపోతే టీవీలను ముట్టుకోనక్కర్లేదు. ఒక చానెల్ ఒకచోట పోయి ఇంకోచోట కనిపిస్తే రెండు టీవీల్లోనూ పూర్తి స్కాన్. 31.1 ఒక్కటే కనిపించకపోతే అది గాలి సంగతి, మర్నాడు మళ్ళీ చూస్తాను.

మిగిలింది ఆర్‌ఎఫ్ 21లోని 9.3. హాల్లో నిలకడగా ఉంది, ట్యూనర్ దారిలో మాత్రం seq అప్పుడప్పుడు 90లకు జారుతోంది. ఆ దారి 7 డెసిబెల్స్‌ది, పైగా అక్కడికి వెళ్ళే కేబుల్ మధ్యలో ఒక జాయింటు ఉంది. వచ్చే వారాంతంలో ఆ జాయింటు తీసేసి ఒకే ముక్క కేబుల్ వేసి, మళ్ళీ కొలిచి ఇక్కడే రాస్తాను.